"ఓ నెగటివ్ కావాలి, అర్జెంట్": ముందు ఏది అడగాలి?

జులై, మొదటి వారం

మా రక్తదాతల గ్రూపు కూకట్‌పల్లి, మియాపూర్ వైపు మొదలై ఇప్పుడు ఎల్బీ నగర్ దాకా పాకింది. రక్తం కావాలని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే డోనర్లకు ఫోన్లు చేసి, కుదిరినవాళ్లను హాస్పిటల్‌కి పంపడం మా పని. ఈసారి నేను పెట్టుకున్న ప్రాజెక్టు చిన్నదే. అలాంటి మెసేజ్‌కి మేము పంపే మొట్టమొదటి జవాబును మార్చాలి.

ఇప్పటిదాకా ఉన్న పద్ధతి ఏంటంటే, ఎవరైనా "బ్లడ్ కావాలి" అనగానే గ్రూపులో ముందునుంచీ ఉన్న ఫారం పంపిస్తాం. పేషెంట్ పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ హాస్పిటల్, ఏ వార్డు, జబ్బేమిటి, ఎప్పటికి కావాలి, అటెండర్ పేరు, ఫోన్ నంబరు. నింపి పంపితే వెతకడం మొదలుపెడతాం. చూడ్డానికి ఇందులో వంక పెట్టేదేమీ లేదు, అన్నీ ఎప్పుడో ఒకప్పుడు కావాల్సినవే.

పాత చాట్లు వరసగా చదువుకుంటూ పోతే మాత్రం వేరే సంగతి కనిపిస్తుంది. ఫారం వెళ్లాక కొందరు సగం నింపుతారు, మనకు కావాల్సింది ఆ సగంలో ఉండదు. కొందరు అసలు పలకరు, కాసేపటికి అదే మెసేజ్ ఇంకో గ్రూపులో తేలుతుంది. ఒకాయన రాసిన మాట నేను విడిగా తీసి పెట్టుకున్నాను: "అవన్నీ ఎందుకు సార్, బ్లడ్ ఉందా లేదా చెప్పండి." ఆయన కోపంలో న్యాయం ఉంది. ఐసీయూ బయట నిలబడ్డ మనిషిని పట్టుకుని జబ్బు పేరు, వార్డు నంబరు టైప్ చేయమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

కాబట్టి మొదటి జవాబులో ఒకే ఒక్క ప్రశ్న ఉండాలని అనుకున్నాం. దాని మీద గ్రూపులో ఎవరికీ పేచీ లేదు. ఆ ఒక్కటీ ఏది అన్న దగ్గరే ఎవరి మాట వాళ్లది. బ్లడ్ గ్రూపు అని కొందరు, హాస్పిటల్ అని కొందరు, ఎప్పటికి కావాలో తెలియకుండా మిగతావన్నీ ఎందుకని ఇంకొందరు.

రెండో వారం

వాదించుకోవడం ఆపి పాత మెసేజ్‌లు కొన్ని ప్రింట్ తీసుకుని కూర్చున్నాం. నాతోపాటు గ్రూపులో ఇద్దరు. ఒకరు ఇదివరకు నర్సుగా చేసిన అక్క, ఇంకొకరు బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా ఉన్న అన్న. చేసిన పని సింపుల్. మెసేజ్‌లో లేని ఒక్కో వివరం తీసుకుని, దానికి రాగల రెండు వేర్వేరు జవాబులు ఊహించుకోవాలి. మొదటి జవాబు వస్తే వచ్చే పది నిమిషాల్లో నేను ఎవరికి ఫోన్ చేస్తాను, రెండోది వస్తే ఎవరికి చేస్తాను అని రాసుకోవాలి. రెండు సందర్భాల్లోనూ నేను చేసే పని ఒకటే అయితే ఆ ప్రశ్న ఇప్పుడు అక్కర్లేదు, వెనక్కి జరపాలి.

ఈ పరీక్షకు నిలవనివి చకచకా రాలిపోయాయి. పేషెంట్ పేరు బ్లడ్ బ్యాంకు కౌంటర్లో డోనర్ చెప్పాలి కాబట్టి అవసరమే, కానీ డోనర్ బండి ఎక్కాక పంపినా సరిపోతుంది. జబ్బేమిటో తెలిస్తే మనసుకు బాధ తప్ప నా ఫోన్ కాల్ మారదు. ఎన్ని యూనిట్లు అన్నది చాలా ముఖ్యం అనుకున్నాం, తీరా చూస్తే ఒకటైనా నాలుగైనా నేను చేసే మొదటి ఫోన్ అదే మనిషికి. రెండో మూడో ఫోన్ దగ్గరికి వచ్చేసరికి ఆ సంఖ్య ఎలాగూ తెలిసిపోతుంది.

బ్లడ్ గ్రూపు సంగతే ఆశ్చర్యం. మెసేజ్‌లో గ్రూపు లేకపోతే ముందు అదే అడగాలని అందరికీ అనిపిస్తుంది. టెక్నీషియన్ అన్న అడ్డం తిరిగాడు. "గ్రూపు వాళ్లకెలా తెలుస్తుంది? చాలామంది ఎప్పుడో స్కూల్లో చూసిన కార్డు గుర్తుపెట్టుకుని చెప్తారు. బ్యాంకులో శాంపిల్ చూసేదాకా ఏ గ్రూపో గట్టిగా అనుకోవడానికి లేదు" అన్నాడు. అంటే అడిగిన మనిషి దగ్గర ఆ జవాబు ఉండకపోవచ్చు, ఉన్నా అది తప్పు కావచ్చు. పైగా హాస్పిటల్ వాళ్లు తమ స్టాకులోంచి రక్తం ఇచ్చి బదులుగా ఎవరినైనా తెచ్చి ఇప్పించమంటే, అక్కడ గ్రూపుతో పనే లేదు.

దాంతో మా కాగితం మీద రెండో గీటురాయి వచ్చి చేరింది. నిలబడ్డచోటు నుంచి కదలకుండా, ఎవర్నీ అడగకుండా ఆ మనిషి చెప్పగలడా? చెప్పలేని ప్రశ్న అడిగితే వాళ్లు నర్సు కోసం వెతుక్కుంటూ పోతారు. నర్సు బిజీ. ఆ తర్వాత మన చాట్ మర్చిపోతారు. నిశ్శబ్దంగా ఆగిపోయిన సంభాషణలన్నీ దాదాపు ఇలాంటి ప్రశ్న దగ్గరే ఆగాయని నర్సు అక్క వేలు పెట్టి చూపించింది.

మూడో వారం

ఇక పోటీలో మిగిలినవి రెండు: ఏ హాస్పిటల్, ఎప్పటికి.

ఎప్పటికి అన్నదాన్ని నేను గట్టిగా పట్టుకున్నాను. కానీ ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే, "అర్జెంట్". మెసేజ్‌లో అర్జెంట్ అని రాసినవాడిని ఎంత అర్జెంట్ అని అడిగితే విసుగు వస్తుంది, సమాచారం రాదు.

ఇక్కడ బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటి ఉంది. మనం పంపిన డోనర్ రక్తం ఇవ్వగానే ఆ బ్యాగు పేషెంట్‌కి వెళ్లిపోదు. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్, మలేరియా, ఈ ఐదు పరీక్షలు చేసి బాగుందని తేలాకే బయటికి ఇస్తారు. దానికి గంటలు పడుతుంది. అంటే ఈ క్షణంలో రక్తస్రావం అవుతున్న మనిషిని మన డోనర్ ఆదుకోలేడు. వాళ్లకు కావాల్సింది ఏదో ఒక బ్యాంకులో ఇప్పటికే పరీక్ష పూర్తయి ఫ్రిజ్‌లో ఉన్న బ్యాగు. అప్పుడు మేము డోనర్ లిస్టు పక్కనపెట్టి బ్యాంకులకు ఫోన్ చేయాలి, ఈ-రక్తకోశ్ సైట్లో స్టాకు చూడాలి. కాబట్టి టైమ్ నిజంగానే మా పనిని మారుస్తుంది. చిక్కల్లా దాన్ని నేరుగా అడిగితే రాదు.

హాస్పిటల్ పేరు అలా కాదు. ఐసీయూ బయట ఉన్నా, ఆటోలో ఉన్నా, ఏడుస్తున్నా ఆ ఒక్కటీ చెప్పగలరు. ఆ ఒక్క మాటతో ఏ ఏరియా, ఏ బ్లడ్ బ్యాంకు, మెట్రోలో వెళ్లొచ్చా లేక బండి మీదే వెళ్లాలా, మా లిస్టులో ఎవరు దగ్గర, ఇవన్నీ తేలిపోతాయి. నిమ్స్ అంటే పంజాగుట్ట స్టేషన్‌లో దిగొచ్చు, మియాపూర్‌లో ఉన్న డోనర్ కూడా దూరమనుకోడు. అదే మెట్రో లైను లేనివైపు హాస్పిటల్ అయితే సాయంత్రం ఏడింటికి మియాపూర్ మనిషిని అడగడం దండగ. అడగకుండానే ఇంకొన్ని కూడా ఊహకు అందుతాయి. ఎంఎన్‌జే అన్నారంటే క్యాన్సర్ పేషెంట్, ఈ అవసరం ఇవాళ్టితో తీరేది కాకపోవచ్చు. ప్రసూతి ఆసుపత్రి అంటే కాన్పో ఆపరేషనో.

ఇది మూడో గీటురాయి అయింది: ఒక జవాబుతో పాటు ఇంకెన్ని వివరాలు అడగకుండా వస్తాయి.

ప్రశ్న రాసే తీరులో ఒక చిన్న సవరణ చేయాల్సి వచ్చింది. "ఏ హాస్పిటల్?" అంటే పేరు మాత్రం చెప్తారు. మన ఊళ్లో ఒకే పేరుతో సికింద్రాబాద్‌లో ఒకటి, హైటెక్ సిటీ వైపు ఒకటి, ఇంకో మూల ఇంకొకటి ఉంటాయి. డోనర్ ఒక బ్రాంచికి వెళ్లి కౌంటర్లో పేషెంట్ పేరు చెప్తే అలాంటివాళ్లెవరూ లేరంటారు. అందుకని "ఏ ఏరియాలో, ఏ హాస్పిటల్లో ఉన్నారు?" అని మార్చాం. పైకి రెండు విషయాలు అడిగినట్టుంటుంది, జవాబిచ్చేవాళ్లకు మాత్రం అది ఒకటే.

నాలుగో వారం

ఒక సాయంత్రం వచ్చిన మెసేజ్‌ని మొదటినుంచి చివరిదాకా రాసుకుంటున్నాను, కొత్త పద్ధతి ఎలా నడిచిందో చూసుకోవడానికి. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

"బ్రదర్ అర్జెంట్ ఓ నెగటివ్ బ్లడ్ కావాలి. మా అక్కకి. ప్లీజ్ హెల్ప్."

ఉన్నవి గ్రూపు, బంధుత్వం. మిగతావేవీ లేవు. నెగటివ్ గ్రూపులు మన దగ్గర చాలా తక్కువ, మా లిస్టులో ఓ నెగటివ్ వాళ్లు ఊరంతా చెల్లాచెదురుగా ఉన్నారు. కాబట్టి దూరమే అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది. పంపింది ఒక్క వాక్యం:

"చూస్తున్నాం అన్నా. అక్క ఏ ఏరియాలో, ఏ హాస్పిటల్లో ఉన్నారు?"

జవాబు నిమిషం లోపే వచ్చింది. రెడ్ హిల్స్ దగ్గర హాస్పిటల్ పేరు చెప్పి, వెంటనే ఇంకో మెసేజ్: "రేపు పొద్దున ఆపరేషన్ అంట అన్నా. రెండు రెడీగా పెట్టుకోమన్నారు."

మేము అడగని టైమ్ వచ్చింది, అడగని యూనిట్లూ వచ్చాయి. పాత చాట్లలో ఇది తక్కువ. ఫారం నింపే మనిషి గళ్లలో అడిగినవే రాస్తాడు, అది కూడా అయిష్టంగా. ఒక్క మాట అడిగితే మనిషి మిగతాది తనే చెప్పుకుంటాడు. "అంట" అన్న మాట కూడా నాకు పనికొచ్చింది. డాక్టర్‌తో మాట్లాడింది ఈయన కాదు, ఇంకెవరో ఈయనకు చెప్పారు. అంటే ఈయన్ని వైద్యం గురించి లోతుగా అడిగి లాభం లేదు.

రేపు పొద్దున అంటే ఐదు పరీక్షలకు టైమ్ ఉంది, కానీ డోనర్ ఇవాళ రాత్రే వెళ్లాలి. ఇక్కడ రెండో ప్రశ్న ఎంచుకోవాలి. పేషెంట్ పేరు అడగొచ్చు, వార్డు అడగొచ్చు. టెక్నీషియన్ అన్న సలహా వేరు: "బ్లడ్ బ్యాంకు వాళ్లు ఏమన్నారో అడుగు." పంపింది ఇది:

"మాసబ్ ట్యాంక్ దగ్గర మాకు ఓ నెగటివ్ డోనర్ ఒకరున్నారు, ఫోన్ చేస్తున్నాం. ఈలోపు, బ్లడ్ బ్యాంకు వాళ్లు ఏమన్నారన్నా?"

ముందు మేమేం చేస్తున్నామో చెప్పి, ఆ తర్వాతే ప్రశ్న. ఈ వరస కావాలనే పెట్టుకున్నాం. రెండో ప్రశ్న ఉత్తగా వెళ్తే మళ్లీ ఆరా తీస్తున్నట్టే ఉంటుంది. పని జరుగుతోందని తెలిస్తే జవాబు చెప్పడం వాళ్లకు కూడా పనిలో భాగం అవుతుంది.

ఆయన రాసింది: "ఇంకా కిందికి వెళ్లలేదన్నా. చీటీ ఇచ్చారు, నా దగ్గరే ఉంది."

అసలు సంగతి ఇక్కడ బయటపడింది. రక్తం కావాలని డాక్టర్ రాసిచ్చిన చీటీతోపాటు పేషెంట్ శాంపిల్ బ్యాంకుకు చేరకపోతే, బ్యాగులోని రక్తం పేషెంట్‌కి సరిపడుతుందో చూసే క్రాస్ మ్యాచ్ మొదలవదు. డోనర్‌ని పంపినా అక్కడ కథ ముందుకు కదలదు. పాత ఫారంలోని గళ్లన్నీ నింపినా ఇది తెలిసేది కాదు, ఎందుకంటే "చీటీ ఇచ్చారా" అన్న గడి అందులో లేనే లేదు. చీటీ, శాంపిల్ తీసుకుని ముందు బ్యాంకుకు వెళ్లమన్నాం, వాళ్లేమన్నారో చెప్పమన్నాం. కాసేపటికి వచ్చిన కబురు: బ్యాంకులో ఓ నెగటివ్ ఒక బ్యాగు ఉంది, అది పక్కన పెడతారు. ఇంకొకటి కావాలి. మొదటిదానికి బదులుగా ఏ గ్రూపు వాళ్లు ఇచ్చినా తీసుకుంటారు.

ఇద్దరు ఓ నెగటివ్ వాళ్ల కోసం ఊరంతా వెతకాల్సిన పని కాస్తా ఒక ఓ నెగటివ్, ఒక ఎవరైనా అయింది. ఆ ఎవరైనా అన్న మనిషి ఆ తమ్ముడే. ఆయనది బీ పాజిటివ్.

పేషెంట్ పేరు మేము చివర్లో అడిగాం, డోనర్ బయల్దేరాక.

ఆగస్టు, మొదటి వారం

వానలతోపాటు డెంగీ మెసేజ్‌లు పెరిగాయి, హాస్పిటల్ పేరే ముందు అడగాలన్న మా సూత్రం అన్ని మెసేజ్‌లకూ పనిచేయడం మానేసింది.

కారణం యంత్రం. ప్లేట్‌లెట్లు ఒకే డోనర్ దగ్గర తీయాలంటే అఫెరిసిస్ మెషిన్ కావాలి. రక్తం తీసి, ప్లేట్‌లెట్లు వేరుచేసి, మిగతాది మళ్లీ డోనర్‌కే ఎక్కిస్తుంది. గంట, గంటన్నర పడుతుంది. ఇలా వచ్చిన బ్యాగును డాక్టర్లు ఎస్‌డీపీ అంటారు. ఈ మెషిన్ ప్రతి బ్లడ్ బ్యాంకులో ఉండదు. పేషెంట్ ఒక హాస్పిటల్లో ఉంటాడు, ప్లేట్‌లెట్లు తీసేది ఇంకో బ్యాంకులో. అంటే హాస్పిటల్ పేరు తెలిసినా డోనర్ ఎక్కడికి పోవాలో తెలియదు.

డోనర్ లిస్టు కూడా వేరు. మామూలు రక్తానికి సరిపోయే మనిషి ఎస్‌డీపీకి సరిపోకపోవచ్చు. చేతి నరాలు బాగా దొరకాలి, డోనర్ ప్లేట్‌లెట్ కౌంట్ లక్షన్నరకు పైన ఉండాలి, మూడు రోజుల్లో యాస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. అన్నిటికీ మించి రెండు మూడు గంటలు ఖాళీ ఉండాలి. ఆఫీసు నుంచి మధ్యలో వచ్చి ఇచ్చి పోతానంటే కుదరదు.

కాబట్టి ఈ సీజన్లో, ఓ పాజిటివ్, బీ పాజిటివ్ లాంటి దొరికే గ్రూపుల మెసేజ్ వస్తే, ముందు తేల్చాల్సింది రక్తమా, ప్లేట్‌లెట్లా అన్నది. ఒక్క ప్రశ్నతో మా ముందున్న లిస్టే మారిపోతుంది.

అడిగే మాట దగ్గర మళ్లీ చిక్కు. అటెండర్లకు అన్నీ "బ్లడ్" కిందే లెక్క. "ఎస్‌డీపీయా, ఆర్‌డీపీయా, పీఆర్‌బీసీయా" అని ఒక వాలంటీర్ అడిగితే ఒకమ్మాయి "అదేంటో నాకు తెలీదు అక్కా, డాడీకి బాలేదు" అని రాసింది. ఆ చాట్ అక్కడితో ఆగలేదు కానీ ఆ ప్రశ్న మాత్రం ఆగిపోయింది. నర్సు అక్క మార్చి రాసింది: "ప్లేట్‌లెట్స్ పడిపోయాయన్నారా, లేక రక్తం తక్కువుంది అన్నారా?" డాక్టర్ నోటి నుంచి వాళ్లు విన్న మాట ఇదే. పేరు తెలియకపోయినా విన్నది చెప్పగలరు. కౌంట్ ఎంతకు పడిపోయిందో కూడా చాలామంది దాంతోపాటే చెప్పేస్తున్నారు. మేము అడగం. ఎంతకు పడితే ఎక్కించాలన్నది డాక్టర్ చూసుకునే విషయం, ఆ సంఖ్య చూసి భయపెట్టడమో ధైర్యం చెప్పడమో మా పని కాదు.

రెండో ప్రశ్న ఇక్కడా అదే, బ్లడ్ బ్యాంకు వాళ్లు ఏమన్నారు. ఎక్కడ తీస్తారో, డోనర్‌ని ఎప్పుడు తీసుకురమ్మన్నారో దాంట్లోనే తేలుతుంది.

ఇప్పుడు వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైలు ఇలా పెట్టాం. డ్యూటీలో ఎవరున్నా మెసేజ్ చూసి వీటిలో ఒకటే పంపాలి.

```
/h  చూస్తున్నాం. ఏ ఏరియాలో, ఏ హాస్పిటల్లో ఉన్నారు?
/p  చూస్తున్నాం. ప్లేట్‌లెట్స్ పడిపోయాయన్నారా, రక్తం తక్కువుంది అన్నారా?
/b  బ్లడ్ బ్యాంకు వాళ్లు ఏమన్నారు?
```

నెగటివ్ గ్రూపు అయితే `/h`. పాజిటివ్ అయి, జ్వరం, డెంగీ, కౌంట్ అన్న మాటలు ఎక్కడైనా కనిపించినా, లేదా ఇప్పటిలా డెంగీ సీజన్ నడుస్తున్నా `/p`. గ్రూపే లేకపోతే `/b`, ఎందుకంటే గ్రూపు తేల్చేది వాళ్లే. వాళ్లింకా బ్యాంకుకు వెళ్లకపోతే ఆ సంగతి కూడా ఈ ప్రశ్నకే బయటపడుతుంది.

ఆగస్టు, రెండో వారం

చీటీ ఫొటో పంపమంటే ఒక్క దెబ్బకు అన్నీ వచ్చేస్తాయి కదా అని గ్రూపులో ఒకరన్నారు. మంచి ఆలోచనే. పేరు, వయసు, వార్డు, గ్రూపు, ఏది ఎన్ని యూనిట్లు, డాక్టర్ సంతకం, అన్నీ అందులో ఉంటాయి. కొన్నాళ్లు అడిగి చూశాం. చీటీ చేతిలో ఉన్నవాళ్లు చప్పున పంపేశారు. చాలామంది దగ్గర అది లేదు, అప్పటికే కౌంటర్లో ఇచ్చేశారు. ఆ జవాబు కోసం మళ్లీ మెట్లు దిగి వెళ్లలేక ఊరుకున్నారు. నిలబడ్డచోటు నుంచి చెప్పగలగాలన్న గీటురాయి దగ్గర ఇది ఓడిపోయింది.

ఇంకో భయం కూడా ఉంది. పేషెంట్ పేరు, హాస్పిటల్ నంబరు ఉన్న ఫొటో ఒకసారి గ్రూపులో పడితే ఎన్ని ఫోన్లలోకి పోతుందో ఎవరికీ తెలియదు. డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం మన దేశంలో 1998 నుంచి నిషేధం. అయినా అటెండర్ నంబరు బయటికి పోతే, "ఇంత ఇస్తే డోనర్‌ని తెస్తాం" అంటూ ఫోన్లు వస్తూనే ఉంటాయి. అందుకే ఫొటో మేము అడగం. వాళ్లే పంపితే డ్యూటీలో ఉన్నవాళ్లు చూసి డిలీట్ చేస్తారు.

ఒకటే ప్రశ్న అన్న నియమం ఎక్కడ వర్తించదో కూడా ఈ వారం రాసుకున్నాం. ఫోన్ కాల్‌లో వర్తించదు. మాటల్లో ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తుంది, గొంతు విని ఎక్కడ ఆపాలో తెలుస్తుంది, అక్కడ లెక్కపెట్టుకుని ఒకటే అడగడం కృతకంగా ఉంటుంది. హాస్పిటల్ సోషల్ వర్కర్లు, వార్డు నర్సులు రాసినప్పుడు కూడా వర్తించదు. వాళ్ల దగ్గర అన్ని వివరాలూ ఉంటాయి, ఒక్కొక్కటి అడిగితే వాళ్లకు చిరాకు. వాళ్లకు మాత్రం పాత ఫారమే పంపుతున్నాం, సంతోషంగా నింపుతున్నారు.

డోనర్ల వైపు లెక్క వేరే. "నేను ఇస్తాను" అని ఉత్సాహంగా మెసేజ్ పెట్టినవాళ్లను ముందు ఎక్కడున్నారని అడిగేవాళ్లం. దారి, టైమ్ అన్నీ మాట్లాడుకున్నాక, పోయిన నెలే ఇచ్చానని చెప్తారు. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు గడవాలి. కాబట్టి వాళ్లకు మొదటి ప్రశ్న "చివరిసారి ఎప్పుడిచ్చారు?" అన్నదే. ఎక్కువమందిని పక్కన పెట్టే ప్రశ్న ముందుండాలి, లేకపోతే మన టైమూ వాళ్ల ఉత్సాహమూ రెండూ వృథా. అడిగితే వాళ్లకు కోపం రాదు కూడా, ఎందుకంటే వాళ్లిక్కడ కష్టంలో లేరు.

పనిచేస్తోందా లేదా అని చూడ్డానికి లెక్కలేమీ పెట్టుకోలేదు. చాట్ తెరిచి రెండు చూస్తున్నాం. మా ప్రశ్నకు వచ్చిన జవాబులో మేము అడగనిది ఏదైనా ఉందా? ఉంటే సరైన ప్రశ్నే పడినట్టు. రెండోది, "ఎందుకు?" అన్న మాట ఎక్కడైనా వచ్చిందా? వస్తే ఆ ప్రశ్న ఆ మనిషికి అక్కడ అక్కర్లేనిదని అర్థం. గత వారం ఒకే ఒక "ఎందుకు" కనిపించింది. కొత్త వాలంటీర్ `/h` పంపి, జవాబు రాకముందే పేషెంట్ వయసు అడిగాడు.

ఆగస్టు, మూడో వారం

ఫార్వర్డ్ మెసేజ్‌లు మిగిలాయి. వీటి మీద ఈ వారమంతా పోయింది.

"ఏ బీ నెగటివ్ అత్యవసరం, చిన్న పాప, దయచేసి షేర్ చేయండి" అని ఒక నంబరుతో వస్తుంది. గ్రూపు ఉంటుంది, హాస్పిటల్ ఉంటుంది, ఫోన్ నంబరు కూడా ఉంటుంది. చూస్తే ఏ వివరమూ తక్కువ లేనట్టే ఉంటుంది. అందులో లేనిది తారీఖు. ఆ పాప కోలుకుని ఇంటికి వెళ్లి నెలలు అయ్యుండొచ్చు, మెసేజ్ మాత్రం గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. పంపినవాళ్లకు పేషెంట్ ఎవరో తెలియదు, కాబట్టి `/h` గానీ `/p` గానీ వాళ్లను అడిగి లాభం లేదు. వాళ్లు ఇంకో గ్రూపులో చూసి మంచి మనసుతో పంపారంతే.

అందుకే ఫార్వర్డ్ అయితే పంపినవాళ్లను ఏమీ అడగొద్దని నిర్ణయించాం. మెసేజ్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేయాలి, ఒకటే అడగాలి: "ఇంకా అవసరం ఉందా అండీ?" చాలాసార్లు అవతలివాళ్లు అలసిన గొంతుతో అయిపోయిందంటారు, రోజూ ఇలాంటి ఫోన్లు వస్తున్నాయంటారు. అప్పుడు పంపినవాళ్లకు తిరిగి ఒక మాట రాయాలి, ఆ గొలుసు అక్కడైనా తెగడానికి. దానికి నాలుగో క్విక్ రిప్లై చేర్చాం.

```
/f  ఆ నంబరుకు ఫోన్ చేశాం, అవసరం తీరిపోయిందన్నారు. ఎక్కడినుంచి వచ్చిందో అక్కడ కూడా చెప్పగలరా?
```

ఒక్కోసారి ఆ నంబరు పలకదు. అప్పుడేం చేయాలన్నది ఇంకా తేలలేదు. డోనర్‌ని పంపడం మాత్రం వద్దన్నాం. హాస్పిటల్ బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసి ఆ గ్రూపు అవసరం ఇవాళ ఉందా అని అడగొచ్చని టెక్నీషియన్ అన్న అంటున్నాడు, పేషెంట్ వివరాలు వాళ్లు చెప్పకపోయినా ఉందో లేదో చెప్పే అవకాశం ఉందట. వచ్చే వారం అన్న పనిచేసే బ్యాంకుతోనే మొదలుపెట్టి చూస్తాం.